ఐదుగురు రాసిన కంపెనీ బ్రోచర్‌ని ఒకే గొంతులోకి తేవడం ఎలా?

ప్రశ్న: మాది సోలార్ వాటర్ హీటర్ల కంపెనీ. 16 పేజీల తెలుగు బ్రోచర్ వేస్తున్నాం. ఐదుగురు తలా కొన్ని పేజీలు రాశారు. ఒకటి జీవో చదివినట్టుంది, ఒకటి సినిమా పోస్టర్‌లా ఉంది, ఎండీ గారబ్బాయి రాసింది ఇంగ్లీషులోంచి దించినట్టుంది. నాకు తెలుగు బాగా వచ్చని అంతా కలిపి ఒకలా చెయ్యమని ఇచ్చారు. నేను అకౌంట్స్ మనిషిని. నాలుగు రోజుల టైం ఉంది. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి, ఎవరి రాతని మార్చాలి, ఎవరిది ఉంచాలి?

సమాధానం:

మొదటి పేజీ నుంచి దిద్దుకుంటూ వెళ్ళకండి, ముందు ఆ ఒక్కటీ చెప్పేస్తా. నేను మొదట్లో అలాగే చేశాను. ఒక డ్రిప్ పరికరాల కంపెనీకి 20 పేజీల బ్రోచర్, మీలాగే ఐదుగురు రాశారు, నేను ఒకటో పేజీ తెరిచి వాక్యం వాక్యం దిద్దుకుంటూ పోయాను, మూడు రోజులు పట్టింది. చివరి పేజీకొచ్చాక మళ్ళీ మొదటి పేజీ చదివితే అది కూడా వేరే మనిషి రాసినట్టుంది, ఆ మనిషి నేనే. సోమవారం నాడు "అందజేస్తున్నాము" అని దిద్దిన నేనే బుధవారం సాయంత్రానికి "ఇస్తాం" అంటున్నా. అంటే ఐదు గొంతులుండేవి కాస్తా ఆరయ్యాయన్నమాట. మనం ఏ పేజీ దిద్దుతుంటే ఆ పేజీ రాసినాయన గాలి మనకీ సోకుతుంది, అది ఎవరికైనా తప్పదు.

అందుకని ఇప్పుడు పేజీల వారీగా కాకుండా ఒక్కో విషయాన్ని పట్టుకుని మొత్తం 16 పేజీలూ తిరిగొస్తాను. ఒక రౌండు క్రియలకి, ఒక రౌండు "మేము, మీరు"లకి, ఒక రౌండు పేర్లకి, అంతే, మూడే. విశేషణాలు, నినాదాలు, ఆశ్చర్యార్థకాలు వీటి సంగతి ఆ మూడూ అయ్యాక చూసుకోవచ్చు, సగం వాటంతటవే రాలిపోతాయి.

ముందు డిజైన్ లేకుండా, బొమ్మల్లేకుండా ఉత్త టెక్స్టుని ప్రింటు తీయండి. ఈ గీతల పని స్క్రీన్ మీద చెయ్యొద్దు. పెన్ను పట్టుకుని ప్రతి వాక్యం చివరి మాట కింద మాత్రం గీత గీయండి, వాక్యం చదవక్కర్లేదు కూడా. తెలుగులో గొంతు ఎక్కడుంటుందంటే వాక్యం తోకలో ఉంటుంది. ఇంగ్లీషులో మాటల ఎంపికలో ఎక్కువ తెలుస్తుందేమో గానీ మనకి "చేయబడును" అన్నాడా "చేస్తాం" అన్నాడా "చేయగలరు" అన్నాడా అన్న దాంట్లోనే ఆ మనిషి ఏ కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నాడో తెలిసిపోతుంది. వందేళ్ళ కిందట గిడుగు వారు గ్రాంథికం మీద కొట్లాడారు కదా, పత్రికల్లోంచి, పుస్తకాల్లోంచి అది పోయింది గానీ కంపెనీ కాగితాల్లో, ఆఫీసు నోటీసుల్లో ఇంకా కాలు మీద కాలేసుకుని కూర్చునుంది.

ఆ డ్రిప్ బ్రోచర్లో నాకు దొరికిన తోకలు చూపిస్తా, మీ దాంట్లో కూడా దాదాపు ఇవే ఉంటాయి. లేటరల్ అంటే మొక్కల వరుస వెంట వేసే సన్న పైపు.

ఇంజినీరు గారు రాసింది: "మా సంస్థచే తయారు చేయబడిన లేటరల్ పైపులు ఐ.ఎస్. 12786 ప్రమాణములకు అనుగుణముగా ఉండును. ఫిల్టరు నందు చేరిన మలినములు ఎప్పటికప్పుడు తొలగించబడవలెను."

సబ్సిడీ పేజీ రాసిన ఆఫీసు మనిషి: "రాయితీ నిమిత్తం దరఖాస్తు చేసుకొనదలచిన రైతులు సంబంధిత పత్రములను సమర్పించగలరు."

మార్కెటింగ్ కుర్రాడు: "నీటి చుక్కే బంగారం! మీ పొలంలో ఇక విప్లవమే!! కష్టాలకు గుడ్‌బై!"

ఎండీ గారమ్మాయి: "మేము నాణ్యతకు కట్టుబడి ఉన్నాము. మా దృష్టి మా వినియోగదారుల విజయంపై కేంద్రీకృతమై ఉంది."

సర్వీస్ మేనేజరు, ఈయనది నల్గొండ వైపు: "లేటరల్ చివర మూత తీసి నీళ్ళు వదలండి. తేట నీళ్ళు వచ్చేదాక వదలండి. లోపలున్న మట్టంతా పోతది."

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తా, ఎవరిది ఉంచాలి అని. నేను ఆఖరాయనది తీసుకున్నా. "పోతది" ఒక్కటి "పోతుంది" చేశాను, అది కూడా ఆయన్ని అడిగి. మిగతా నలుగురినీ ఆయన పక్కకి లాగాను. ఎందుకంటే ఐదుగురిలో రైతుతో రోజూ నోరు తెరిచి మాట్లాడే మనిషి ఆయనొక్కడే, మిగతావాళ్ళు ఫైలుతోనో బాస్‌తోనో మాట్లాడుతున్నారు. మీ కంపెనీలో కూడా ఒకాయన ఉంటాడు, ఇన్‌స్టాలేషన్‌కి ఇళ్ళకి వెళ్ళేవాడో, షోరూంలో కూర్చునేవాడో, కంప్లయింట్ ఫోన్లు ఎత్తే అమ్మాయో. వాళ్ళ పేజీలో అక్షరదోషాలు ఎక్కువుండొచ్చు, వాక్యాలు పొట్టిగా మోటుగా ఉండొచ్చు, అయినా సరే పునాది అదే పెట్టుకోండి. అక్షరదోషాలు దిద్దడం గంట పని, కొయ్యబారిన వాక్యాన్ని మాట్లాడించడం రోజు పని. వాళ్ళు రాసిన పేజీ అసలు లేదంటే పది నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి "నేను కొనడానికొచ్చాను, నాకు చెప్పండి" అని ఫోన్లో రికార్డ్ చేసుకోండి. అదే మీ కొలబద్ద.

ఒక మాట, పునాది అంటే యాస మొత్తం తేవడం కాదు. రెండు రాష్ట్రాల్లోనూ పంచే కాగితమైతే ఇద్దరికీ ఇంట్లో మాటలా వినపడే రూపాలు చాలా ఉన్నాయి, "చేస్తాం, ఇస్తాం, చూడండి, వస్తుంది" ఇవి ఎవరికీ పరాయివి కావు. అక్కడ ఆగితే చాలు.

మొదటి రౌండు: తోకలు

"-బడును, -వలెను, -గలరు, -డం జరుగుతుంది" ఈ నాలుగు తోకల్నీ ఏరండి. ఫైల్లో సెర్చ్ కొట్టి ఏరండి గానీ దయచేసి రీప్లేస్ ఆల్ మాత్రం నొక్కొద్దు. నేనోసారి తొందరలో "నందు" అని ఉన్నదల్లా "లో" అని మార్చమని నొక్కాను, "ఫిల్టరు నందు" అన్నది "ఫిల్టరు లో" అయింది బానే ఉంది, కానీ "ఉప్పు ఎక్కువగా ఉన్నందువల్ల" అన్నది "ఉన్లోవల్ల" అయి కూర్చుంది. ప్రూఫు చూసినాయన ఇదేదో కొత్త కెమికల్ పేరనుకున్నాట్ట. అలాగే "బడు" అని వెతికితే "కనబడు, నిలబడు, కట్టుబడు" అన్నీ వస్తాయి. ఒక్కోటీ చూసి చేత్తో మార్చుకోవాల్సిందే.

ఇక్కడే అసలు పని ఉంది, ఇది కాస్త వివరంగా చెప్తాను. చాలామంది "బడును" తీసేసి "తాం" పెట్టడం అంటే భాష తేలిక చెయ్యడం అనుకుంటారు. అది కాదు. "బడును" తీసేసరికి దాని వెనక దాక్కున్నాయన బయటికొస్తాడు. ఆ బ్రోచర్లో ఒక వాక్యం ఇలా ఉంది: "విక్రయానంతర సేవలు సత్వరమే అందించబడును." నేను దాన్ని "అమ్మిన తర్వాత సర్వీస్ వెంటనే ఇస్తాం" అని మార్చి పంపాను. గంటలో ఎండీ గారి దగ్గర్నుంచి ఫోను. "వెంటనే ఇస్తాం అంటే ఎట్లాగండీ, రేపు ఎవడో పట్టుకొచ్చి అడుగుతాడు" అన్నారు. మరి ముందున్న వాక్యం కూడా అదే చెప్తోంది కదండీ అన్నాను. "అది అలా అనిపించలేదే" అన్నారాయన. నిజమే, అనిపించదు, "అందించబడును" అన్నప్పుడు అందించేవాడు వాక్యంలో లేడు, అడగడానికి మనిషి లేడు, "సత్వరమే" అంటే ఎప్పుడో ఎవరికీ తెలీదు.

సరే అని సర్వీస్ మేనేజరుకి ఫోన్ చేసి అసలు ఎన్ని రోజుల్లో వెళ్తారు అని అడిగాను. డీలరున్న మండలాల్లో రెండు రోజుల్లో వెళ్తాం, లేని చోట వారం పడుతుంది అన్నాడు. దాంతో వాక్యం ఇలా తేలింది: "ఫోన్ చేసిన రెండు రోజుల్లో మా మనిషి మీ పొలానికి వస్తాడు. మీ మండలంలో మా డీలర్ లేకపోతే వారం వరకు పట్టొచ్చు." ఎండీ గారికి రెండో వాక్యం మొదట నచ్చలేదు, సర్వీస్ మేనేజరు పట్టుబట్టి ఉంచాడు, తిట్లు తినేది తనే కాబట్టి.

కాబట్టి మీరు తోకలు మారుస్తుంటే మధ్యమధ్యలో ఒక్కో వాక్యం మొండికేస్తుంది, "ఎవరు? ఎప్పుడు? ఎంత?" అని అడిగితే జవాబు రాదు. అక్కడ మీరు ఊహించి నింపకండి. ఆ వాక్యం పక్కన ప్రశ్నగుర్తు పెట్టి రాసినాయన్ని అడగండి. 20 పేజీల్లో నాకు అలాంటివి పదకొండు వచ్చాయి. వాటిల్లో నాలుగు వాక్యాలు రాసినవాళ్ళకి కూడా అర్థం తెలీదు, పాత బ్రోచర్లోంచి కాపీ కొట్టారు, అవి తీసేశాం.

"గలరు" గురించి కూడా ఒక మాట. "పత్రములను సమర్పించగలరు", "సంప్రదించగలరు" అని మర్యాద అనుకుని రాస్తారు. చదివేవాడికి ఇది పని చెప్పినట్టూ ఉండదు, అడిగినట్టూ ఉండదు, నోటీసు బోర్డు చూసినట్టుంటుంది. మనకి "అండి"లోనే మర్యాద ఉంది, "ఈ కాగితాలు తీసుకురండి", "ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అంటే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

రెండో రౌండు: ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు

ఈసారి "మేము, మా సంస్థ, మన కంపెనీ, కంపెనీ వారు, యాజమాన్యం" ఇవన్నీ ఒక రంగులో, "మీరు, రైతు, రైతు సోదరులు, వినియోగదారుడు, కస్టమర్లు, లబ్ధిదారులు" ఇవన్నీ ఇంకో రంగులో గుండ్రాలు చుట్టండి. మా దాంట్లో కంపెనీ తనని తాను ఐదు పేర్లతో పిలుచుకుంది, కొనేవాణ్ణి ఏడు పేర్లతో పిలిచింది. నాలుగో పేజీలో "రైతన్నా" అని భుజం మీద చెయ్యేసి తొమ్మిదో పేజీలో "లబ్ధిదారుడు" అంటే ఆయన ఏమనుకోవాలి చెప్పండి.

మాట్లాడేది "మేము", వినేది "మీరు", ఇవి రెండే పెట్టుకోండి. మార్కెటింగ్ వాళ్ళకి "మన" అంటే ఇష్టం, "మన కంపెనీ, మన పైపు" అంటారు, దగ్గరితనం ఉంటుందని. స్టాఫ్ మీటింగులో బానే ఉంటుంది, కానీ డబ్బిచ్చి కొనేవాడికి అది మన కంపెనీ కాదు, మీ కంపెనీ. "మన నేల, మన నీళ్ళు, మన ఎండలు" అన్నప్పుడు "మన" పెట్టుకోండి, అవి నిజంగానే ఇద్దరివీ. మీ సోలార్ హీటర్లకి "మన ఎండలు" పనికొస్తుంది కూడా.

"రైతు సోదరులు" నేను తీసేస్తాను. ఆడవాళ్ళు వ్యవసాయం చేసే ఇళ్ళు మనకేం తక్కువ లేవు, "సోదరులు" అన్నాక "సోదరీమణులు" తగిలించాలి, అది తగిలిస్తే మైకులో మాట్లాడుతున్నట్టుంటుంది. "మీరు" అంటే ఆ గొడవే లేదు. అదే కారణంతో "రైతు తన పొలంలో ఫిల్టరును అమర్చుకొనవలెను" అన్నది "మీ పొలంలో ఫిల్టర్ పెట్టించుకోండి" అవుతుంది, అదే వాక్యం మూడో మనిషి గురించి చెప్పేది కాస్తా ఎదురుగా ఉన్నాయనతో చెప్పేదైంది.

అయితే అన్ని పేజీలూ ఇలాగే ఉండక్కర్లేదు. ఎండీ గారి ఉత్తరం "నేను" అని ఉండాలి, అక్కడ "మేము" పెడితే సంతకానికి అర్థం ఉండదు. కొన్నవాళ్ళ అనుభవాలు వేస్తే వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే కోట్స్‌లో ఉంచండి, ఒక్క అక్షరం దిద్దొద్దు. మా దాంట్లో ఒక రైతు "బోరు బొట్టు బొట్టు పోస్తుండె, గదే ఇప్పుడు మూడెకరాలకు సరిపోతుంది" అన్నాడు. దాన్ని సాఫుచేసి రాస్తే అది కంపెనీ రాసుకున్నదే అని ఎవడికైనా తెలిసిపోతుంది. వారంటీ షరతుల పేజీ కూడా వదిలెయ్యండి, అది లాయరు చూసిన భాష అయితే మీరు ముట్టుకోకూడదు, దాని పైన రెండు వాక్యాలు మామూలు తెలుగులో సారాంశం రాసి షరతులు కింద యథాతథంగా ఉంచండి. సాంకేతిక వివరాల పట్టికలో అసలు వాక్యాలే ఉండకూడదు, "గంటకు 4 లీటర్లు" అంతే, "గంటకు 4 లీటర్ల నీటిని విడుదల చేయును" అక్కర్లేదు.

మూడో రౌండు: పేర్లు

ఒక వస్తువుకి ఒకే పేరు. ఇది చెప్పడం తేలిక, కానీ ఇందులో రెండు రకాలున్నాయి, ఆ తేడా తెలీక పొరపాట్లు జరుగుతాయి. మొదటిది ఉత్త అలవాటు తేడా. "డ్రిప్" అని ముగ్గురు, "బిందు సేద్యం" అని ఇద్దరు రాశారు. ప్రభుత్వ కాగితాల్లో బిందు సేద్యం అంటారు, పొలంలో అందరూ డ్రిప్ అనే అంటారు. మేము బ్రోచరంతా "డ్రిప్" పెట్టి, సబ్సిడీ పేజీలో మొదటిసారి వచ్చిన చోట మాత్రం "దరఖాస్తులో బిందు సేద్యం అని రాసుంటుంది, అది ఇదే" అని ఒక ముక్క రాశాం. అలాగే కరెంటా విద్యుత్తా, నీళ్ళా నీరా, ఏదో ఒకటి తేల్చుకుంటే అయిపోతుంది, పెద్దగా ఆలోచించక్కర్లేదు.

రెండో రకం ప్రమాదం. పైకి పర్యాయపదాల్లా కనిపిస్తాయి గానీ కావు. మా దాంట్లో "రాయితీ" అనే మాట రెండు పేజీల్లో ఉంది. సబ్సిడీ పేజీలో అది ప్రభుత్వం ఇచ్చేది. ధరల పేజీలో మార్కెటింగ్ కుర్రాడు "పండుగ రాయితీ" అని రాశాడు, అది డీలరు తగ్గించి ఇచ్చేది. నేను మొదట చూసుకోలేదు, ఇద్దరూ ఒకే మాట వాడారు కదా బానే ఉందనుకున్నాను. చదివి పెట్టమని ఇచ్చిన పెద్దాయన "ఇదేంటి, పండక్కి గవర్నమెంటోళ్ళు ఎక్కువిస్తారా?" అని అడిగాడు. అప్పుడు వెలిగింది. ప్రభుత్వానిది "సబ్సిడీ", డీలరుది "తగ్గింపు" చేశాం. వేర్వేరు మాటలు ఉంటేనే తేడా అనుకుని మనం అవే వెతుకుతాం, ఒకే మాట వెనక రెండు అర్థాలుంటే కంటికి ఆనదు, అందుకని బ్రోచరంతా దేనికి ఏ మాట వాడాలో జాబితా రాసుకునేటప్పుడు ప్రతి మాట పక్కనా దాని అర్థం నాలుగు ముక్కల్లో రాసుకోండి, రెండర్థాలుంటే అక్కడ దొరుకుతుంది.

వారంటీ, గ్యారంటీ, హామీ ఇలాంటివే. ముగ్గురు మూడు రాశారు, ముగ్గురి ఉద్దేశమూ వారంటీ కార్డులో ఉన్నదే. మరి కార్డు మీద ఏముందో అదే మాట బ్రోచరంతా ఉండాలి, ఇక్కడ అందం చూసుకోకూడదు. మన దగ్గర షాపులో "గ్యారంటీ" అంటే పాడైతే కొత్తదిస్తారు అనీ, "వారంటీ" అంటే రిపేరు చేసిస్తారు అనీ చాలామంది అర్థం చేసుకుంటారు. కార్డులో రిపేరు అనుండి బ్రోచర్లో గ్యారంటీ అని వేస్తే కౌంటర్ దగ్గర కొట్లాటే. మీ హీటర్లకి ట్యాంకుకొక కాలం, ఎండని పట్టే కలెక్టరుకొక కాలం వేరేగా వారంటీ ఉంటే అది ఇంకా జాగ్రత్త, "5 ఏళ్ళ వారంటీ" అని ఊరికే రాసుంటే దేనికో అడగండి.

సబ్సిడీ శాతాలు, ధరలు బ్రోచర్ లోపల వెయ్యొద్దు, అవి మారిపోతాయి, వేరే చీటీ మీద వేసి మధ్యలో పెట్టండి. ఇది టోన్ సంగతి కాదు గానీ చెప్పకపోతే మనసాగలేదు.

సెర్చ్ చేసేటప్పుడు ఒక చిక్కుంది. "ఫిల్టర్‌లో" అని ఒకరు, "ఫిల్టర్లో" అని ఒకరు టైప్ చేస్తారు. మొదటి దాంట్లో ర్ కీ లో కీ మధ్య కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, ఒకటి వెతికితే రెండోది దొరక్కపోవచ్చు. అందుకని మాట మొత్తం కాకుండా "ఫిల్ట" వరకే కొట్టి వెతకండి, రెండూ వస్తాయి. ఎవరన్నా పాత అను ఫాంట్లలో టైప్ చేసి ఇచ్చుంటే దాన్ని యూనికోడ్‌లోకి మార్పించాకే ఈ పనంతా మొదలెట్టండి, లేకపోతే సెర్చ్‌కి ఏదీ దొరకదు, మార్చాక ఒత్తులు ఎక్కడెక్కడ ఎగిరిపోయాయో ఒకసారి చదివి చూసుకోండి. ఏళ్ళు, ఏళ్లు లాంటివి ఏదైనా ఒకటే, నాది ళ్ళ. మీరు ళ్లు పెట్టుకున్నా నాకభ్యంతరం లేదు, రెండూ మాత్రం ఉండొద్దు.

మూడు రౌండ్లూ అయ్యాక ఇంజినీరు గారి వాక్యం, సర్వీస్ ఆయన వాక్యం ఒకే పేజీలోకి ఎలా వచ్చాయో చూడండి:

"ఫిల్టర్‌లో చేరిన చెత్తని ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. ఫిల్టర్‌కి ముందొక ప్రెషర్ గేజీ, తర్వాతొక గేజీ ఉంటాయి. రెండింటి మధ్య తేడా మామూలు కంటే పెరిగిందంటే ఫిల్టర్ నిండిందని అర్థం. లేటరల్ చివర మూతలు తీసి, తేట నీళ్ళు వచ్చేదాకా వదలండి. లోపలున్న మట్టంతా పోతుంది."

ఇందులో గేజీల మాట ఇంజినీరు గారి మొదటి రాతలో లేదు. "ఎప్పటికప్పుడు అంటే ఎప్పుడండీ, రోజూనా వారానికా?" అని అడిగితే చెప్పాడు. ఆయనకది మరీ తెలిసిన విషయం, రాయాలని తట్టలేదు. "మలినములు" పోయి "చెత్త" వచ్చిందని కాసేపు బాధపడ్డాడు గానీ గేజీల సంగతి చేరినందుకు సంతోషించాడు.

ఇంగ్లీషులోంచి దించిన పేజీ మాత్రం దిద్దితే బాగుపడదు, ఆ టైం వేస్ట్ చెయ్యకండి. "నాణ్యతకు కట్టుబడి ఉన్నాము", "విజయంపై కేంద్రీకృతమై ఉంది" వీటిలో మాటలు మార్చినా లోపల ఏమీ లేదు. ఎండీ గారమ్మాయిని కూర్చోబెట్టి కాగితం మూసేసి "నాణ్యత అంటే మీ ఫ్యాక్టరీలో ఏం చేస్తారమ్మా?" అని అడిగాను. చక్కగా తెలుగులో చెప్పింది, ప్రతి బ్యాచ్‌లోంచి కొన్ని డ్రిప్పర్లు తీసి గంటకి ఎన్ని లీటర్లు వదులుతున్నాయో కొలుస్తామండీ, తేడా వస్తే ఆ బ్యాచ్ పంపం అంది. అదే రాశాను, తను మాట్లాడినట్టే. అరపేజీ కాస్తా మూడు వాక్యాలైంది. మీ ఎండీ గారబ్బాయితో కూడా ఇదే చెయ్యండి, రాసింది బాలేదని అనొద్దు, అడగండి, అంతే.

మార్కెటింగ్ పేజీకి నేను చేసేది ఒకటే, అట్ట మీద నినాదం ఒకటి ఆ కుర్రాడిదే ఉంచి లోపలి పేజీల్లో ఆశ్చర్యార్థకాలన్నీ తీసేస్తాను. తీసేశాక ఏ వాక్యం కుంటుతుందో దాంట్లో విషయం లేదన్నమాట. "మీ పొలంలో ఇక విప్లవమే" అన్నది ఫుల్‌స్టాప్ పెట్టి చదివితే నవ్వొస్తుంది, "నీటి చుక్కే బంగారం" ఫుల్‌స్టాప్‌తో కూడా నిలబడింది, అట్ట మీదకెక్కింది.

రాసినవాళ్ళకి దిద్దిన కాపీ పంపేటప్పుడు ట్రాక్ చేంజెస్ ఎర్రగీతలతో పంపకండి. పేజీ నిండా ఎరుపు చూస్తే ఎవరికైనా మనసు విరిగి, ప్రతి మాటకీ వాదనకి దిగుతారు. శుభ్రంగా ఉన్న కాపీ పంపి "విషయంలో ఏదైనా తప్పొచ్చిందా చూడండి, అంకెలు, పేర్లు, చెయ్యనిదేమైనా చేస్తామన్నామా" అని అడగండి. మాట నచ్చలేదని వస్తే జాబితా చూపించండి, "సార్ ఇది నా ఇష్టం కాదు, పదహారు పేజీల్లోనూ ఇదే" అంటే ఆగిపోతారు. అందుకని ఆ జాబితాని పని మొదలెట్టిన రోజే, ఎవరి పేజీ దిద్దకముందే, ఎండీ గారి చేత ఓకే అనిపించుకోండి. మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి ఇది మీకింకా అవసరం, లేకపోతే "నువ్వెవరు నా రాత దిద్దడానికి" అన్న మాట పడాల్సొస్తుంది.

మీ నాలుగు రోజుల్లో మొదటి రోజు ప్రింటు, గీతలు, పునాది పేజీ, జాబితా, ఎండీ ఓకే. రెండో రోజు మూడు రౌండ్లూ ఒకే రోజున కానిచ్చెయ్యండి, మధ్యలో రాత్రి పడితే నాకయినట్టే మీ గొంతు మారుతుంది. మూడో రోజు ప్రశ్నగుర్తులు పెట్టినవి అడిగి నింపడం, ఇంగ్లీషు పేజీ తిరగరాయడం. నాలుగో రోజు పొద్దున చదివించడం. ఈ చదివించడం ఎలాగంటే ఒక్కో పేజీలోంచి ఒక్కో పేరా కత్తిరించి, కలిపేసి, ఆ ఐదుగురి రాతా తెలిసిన ఆఫీసు మనిషి ఒకరికిచ్చి ఏది ఎవరు రాశారో చెప్పమనండి. నా దాంట్లో ఇంజినీరు గారిది వెంటనే పట్టేశారు, చూస్తే ఆయన ప్రతి పేరాలో ఒక "తద్వారా" ఉంది, నాకసలు కనపడనేలేదు. తర్వాత బయటి మనిషి ఒకరితో పైకి చదివించండి, మీరు వింటూ ఆయన ఎక్కడ తడబడ్డాడో అక్కడ గీత పెట్టుకోండి. ఆయన్ని ఎలా ఉందని అడగొద్దు, బాగుందనే అంటారు.

ఆ మధ్యాహ్నం డిజైనర్ దగ్గర్నుంచి పీడీఎఫ్ వచ్చాక మళ్ళీ ఒకసారి ఆ తోకలు వెతకండి, ఇది మర్చిపోవద్దు. పీడీఎఫ్‌లో తెలుగు సెర్చ్ చాలాసార్లు పనిచెయ్యదు, కాబట్టి ప్రింటు తీసి కంటితోనే చూడాలి. మాకు ఆఖరి ప్రూఫులో పదమూడో పేజీ మొత్తం పాత "అందించబడును"లతో తిరిగొచ్చింది, డిజైనర్ లేఅవుట్ కోసం ముందే తీసుకున్న పాత టెక్స్టు ఒక బాక్సులో అలాగే ఉండిపోయింది. ఇంకో చోట మాటలు పట్టట్లేదని ఆయనే "మీ మండలంలో మా డీలర్ లేకపోతే వారం వరకు పట్టొచ్చు" అన్న వాక్యం తీసేశాడు. అది సర్వీస్ మేనేజరు చూసి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.